వారానికి 500 సోఫా స్కీమ్: అద్దె పేరుతో ఏడు రూపాయల వడ్డీ

“వడ్డీ సున్నా! ఇది అప్పు కాదు, అద్దె మాత్రమే. 20,000 ధర ఉన్న మంచం, పరుపు, బీరువా సెట్‌కి (సోఫాకీ ఇదే స్కీమ్) వారానికి 500 చొప్పున 60 వారాలు కట్టండి, తర్వాత మీ సొంతం. ఎక్కువ పడేది 10,000 మాత్రమే. వడ్డీ అనుకున్నా నూటికి నెలకి మూడున్నర రూపాయలే. వద్దనుకుంటే ఎప్పుడైనా తిరిగి ఇచ్చేయొచ్చు, నష్టం లేదు. ముందే తీర్చేస్తే మిగిలిన దానిపై 10 శాతం తగ్గింపు. సిబిల్ చూడరు. హైదరాబాద్‌లో చిన్న జీతాలవాళ్ళకి ఇంతకన్నా మంచి దారి లేదు. అందరికీ పంపండి.”

ఈ మెసేజ్ మా ఫ్యామిలీ గ్రూపులోకి మూడుసార్లు వచ్చింది. జగద్గిరిగుట్టలో ఉండే మా చెల్లెలు సరిగ్గా ఇలాంటి స్కీములోనే సామాను తీసుకుంది. ఆమె కార్డు ఇప్పుడు నా ముందే ఉంది. అరవై గళ్ళున్న గులాబీ రంగు అట్ట, ఒక్కో గడిలో తేదీ, పక్కన వసూలుకి వచ్చే అబ్బాయి పొడి సంతకం. వెనకవైపు చిన్న అక్షరాల్లో షరతులు. నేను చెప్పేదంతా ఆ కార్డులో ఉన్నదే.

ముందు అద్దె సంగతి చూద్దాం. మనం అద్దెకుండే ఇంట్లో గోడ చెమ్మ పట్టినా, మోటారు కాలిపోయినా బాగు చేయించేది ఓనరే, ఎందుకంటే ఇల్లు ఆయనది. ఈ కార్డులో ఐదో షరతు ఇలా ఉంది: 60 వారాలు పూర్తయ్యేదాకా వస్తువు షాపుదే, కానీ ఏ కారణంతో పాడైనా ఖర్చు వాడుకునేవాళ్ళదే. వానాకాలంలో మా చెల్లెలి గదిలోకి నీళ్ళొచ్చి బీరువా అడుగుచెక్క ఉబ్బిపోయింది. నొక్కితే రొట్టెలా మెత్తగా లోపలికి పోయేది. షాపుకి ఫోన్ చేస్తే మీరే చేయించుకోవాలన్నారు. బాగు చేయించేటప్పుడు కొన్నవాళ్ళం, హక్కు అడిగేటప్పుడు అద్దెవాళ్ళం. ఇది అద్దె కాదు, కిస్తీల మీద అమ్మకమే.

మరి అద్దె అని ఎందుకంటారు? అప్పు అంటే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలకి రిజర్వ్ బ్యాంకు నిబంధనలుంటాయి. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్తగా ఇచ్చే కిస్తీల మీద తీర్చే రిటైల్ అప్పులకి అన్ని చార్జీలూ కలిపిన వార్షిక రేటును ముందే ఒక కాగితం మీద రాసి చేతికివ్వాలి. సున్నా వడ్డీ అనే మాటే నిజం కాదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి కస్టమర్ మీదే వేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకి చెప్పింది. సొంత డబ్బుతో అద్దె కార్డు రాసే ఫర్నిచర్ షాపు ఈ నిబంధనల కిందికి రాదు. అందుకే ఆ కార్డులో వారం ఉంది, మొత్తం ఉంది, రేటు మాత్రం లేదు.

ఇక మూడున్నర రూపాయల లెక్క. నిజంగా నమ్మి ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. 20,000 అప్పు తీసుకుని పద్నాలుగు నెలలు పూర్తిగా వాడుకుని, చివర్లో ఒకేసారి 30,000 తిరిగిస్తే ఆ లెక్క సరైనదే. మా చెల్లెలు అలా వాడుకోలేదు కదా. రెండో వారం నుంచే తిరిగి కడుతూ వచ్చింది. సగం దూరం వచ్చేసరికి అసలులో మూడో వంతుకి పైగా షాపు చేతికి చేరిపోయింది, అయినా వడ్డీ మాత్రం మొత్తం 20,000 మీదే లెక్క కట్టినట్టు అయింది. పైగా మొదటి 500 సామాను దింపిన రోజే తీసుకున్నారు, కాగితాల ఖర్చని ఇంకో 600 తీసుకున్నారు. రొక్కానికి కొంటే ఆ 600 లేదు. అంటే ఆమెకి నిజంగా దొరికిన అప్పు 18,900. దాన్ని 500 చొప్పున 59 వారాల్లో తీర్చాలి. ఫోన్లో గూగుల్ షీట్స్ తెరిచి ఒక గడిలో ఇది కొట్టండి:

```
=RATE(59,-500,18900)
```

1.62 శాతం అని వస్తుంది. అది వారానికి. 52తో గుణించి 12తో భాగిస్తే నెలకి నూటికి ఏడు రూపాయలు. ఏడాదికి 84 శాతం, చక్రవడ్డీ కలుపుకోకుండానే. మెసేజ్‌లో చెప్పిన దానికి ఇది సరిగ్గా రెట్టింపు.

షీట్స్ మీద నమ్మకం లేనివాళ్ళు చేత్తో వేసి చూడొచ్చు. మొదటి వారం 18,900 మీద 1.62 శాతం అంటే దాదాపు 306. మా చెల్లెలు కట్టిన 500లో 306 వడ్డీకే పోయింది, అసలులో తగ్గింది 194. తర్వాతి వారం 18,706 మీద మళ్ళీ అదే. ఇలా 59 వారాలు దింపుకుంటూ వెళ్తే చివరికి సున్నా దగ్గర ఆగుతుంది. ఇంకే రేటు వేసినా అలా సున్నాకి రాదు.

ఇక్కడితో అయిపోలేదు. 20,000 అనే ధర ఎవరు పెట్టారు? షాపే. అదే కొలత మంచం, అదే రకం పరుపు, అదే చెక్క బీరువాకి నేను అఘాపురాలో మూడు షాపులు తిరిగి బేరమాడితే రొక్కానికి 16,000 దగ్గర తెగింది. అసలు ధర 16,000 అనుకుని పై లెక్కలో 18,900 తీసేసి 14,900 పెట్టండి. వారానికి 2.63 శాతం వస్తుంది, అంటే నూటికి పదకొండు రూపాయలు దాటిన వడ్డీ. వడ్డీ అంతా 10,000లోనే ఉందనుకోకండి, కొంత వడ్డీ ధరలోనే కూర్చుంది. బ్రిటన్‌లో ఇలాంటి స్కీముల మీద 2019 ఏప్రిల్‌లో పరిమితి పెట్టినప్పుడు కూడా వడ్డీ, చార్జీలు కలిపి వస్తువు ధరను మించకూడదన్నారు. అంతటితో ఆగకుండా, ఆ ధరను బయటి షాపుల ధరలతో పోల్చి చూపించాలని కూడా షరతు పెట్టారు.

ఎప్పుడైనా తిరిగి ఇచ్చేయొచ్చన్న మాట సగం నిజం. రెండు నెలలకే ఊరు మారేవాళ్ళకి అది పనికొస్తుంది, కాదనను. కానీ వారాలు గడిచేకొద్దీ ఆ హక్కుకి విలువ పోతుంది, షాపుకి ఉన్న హక్కు పెరుగుతుంది. 41 గళ్ళు నిండాక మా బావకి డెంగీ వచ్చింది. ఆటో మూడు వారాలు ఇంటి ముందే ఆగింది, కిస్తీలూ ఆగాయి. మూడో ఆదివారం ట్రాలీ ఆటో వేసుకుని ముగ్గురు వచ్చారు. “అక్కా, రెండు వారాలు దాటితే తీసుకుపోవాలని కార్డులోనే ఉంది, మీరే చూడండి” అన్నాడు ప్రతి ఆదివారం వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగి వెళ్ళే ఆ అబ్బాయే. అప్పటికి ఆమె కట్టింది 20,500, పైన 600. షాపు చెప్పిన పూర్తి ధర దాటిపోయింది. అయినా సామాను పోతే చేతికి రూపాయి రాదు, కట్టిందంతా అద్దె కింద జమ. ఇంట్లో మనిషి జ్వరంతో అదే మంచం మీద పడుకుని ఉన్నాడు.

ఈ పరిస్థితి కోసమే 1972లో హైర్ పర్చేజ్ చట్టం చేశారు. ధరలో నిర్ణీత భాగం కట్టాక కోర్టు ద్వారా తప్ప వస్తువు వెనక్కి తీసుకోకూడదని అందులో ఉంది. ఆ చట్టం అమల్లోకి రాకుండానే 2005లో రద్దయింది. ఇప్పుడు మనకి మిగిలింది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఏకపక్ష షరతులు, తప్పుకి మించిన జరిమానాలు, ముందే అప్పు తీరుస్తానంటే ఒప్పుకోకపోవడం వంటివాటిని అది అన్యాయమైన ఒప్పందం కిందికి తెస్తుంది. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. గుమ్మం ముందు ట్రాలీ నిలబడ్డప్పుడు మాత్రం ఆ ఫోన్ ఒక్కటే మంచాన్ని ఆపదు. ఆ రోజు నేను వెళ్ళి, కార్డు ఫొటో తీసుకుని, మొత్తం లెక్క తేలేదాకా సామాను కదలదని గుమ్మంలో కూర్చుంటేనే వాళ్ళు ఓనర్‌కి ఫోన్ చేశారు.

ముందే తీర్చేస్తే వచ్చే తగ్గింపు ఏపాటిదో అప్పుడే తెలిసింది. మిగిలిన కిస్తీలు 19, అంటే 9,500. పది శాతం పోగా 8,550, మూడు వారాల లేటు ఫీజు 300. మొత్తం 8,850 అడిగారు. వాళ్ళ రేటుతోనే లెక్కేస్తే 41వ గడి నాటికి మిగిలిన అసలు 8,120, ఆగిన మూడు వారాల వడ్డీ కలిపినా 8,500 దాదాపు. మిగిలిన కిస్తీల్లో ఇంకా రాని వారాల వడ్డీ కూడా ఉంటుంది, ముందే తీరిస్తే అదంతా పోవాలి కదా. ఇంకా ముందు తీర్చేవాళ్ళకి నష్టం మరీ ఎక్కువ. 31 గళ్ళు నిండాక తీరిస్తే వాళ్ళ పది శాతం తగ్గింపుతో 13,050 కట్టాలి, నిజంగా మిగిలిన అసలు 11,500 మాత్రమే. లెక్క కాగితం మీద వేసి చూపించాక 8,500కి ఒప్పుకున్నారు. కార్డు మీద పూర్తిగా చెల్లించారని రాయించి, స్టాంపు వేయించి, చెల్లెలి పేరున బిల్లు తీసుకున్నాం.

సిబిల్ చూడరన్నది నిజమే. అయితే 60 వారాలు ఒక్క రోజు తప్పకుండా కట్టినా ఆ కట్టడం సిబిల్‌లో ఎక్కడా కనపడదు, రేపు ఆటో లోనుకి పనికిరాదు.

చివరికి, వేరే దారి లేదన్న మాట. నెలకి పదిహేను ఇరవై వేలతో ఇల్లు నడిపేవాళ్ళ చేతిలో 16,000 రొక్కం ఉండదని నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఎప్పుడూ లేదు. అందుకని రొక్కానికే కొనమని చెప్పను. మన బస్తీల్లో అందరూ భయపడే మూడు రూపాయల వడ్డీనే తీసుకుందాం. ఆ 20,000 అలా బయట తెచ్చి, వారం వారం కడుతూ, మిగిలిన అసలు మీదే వడ్డీ వేసేలా మాట్లాడుకుంటే వారానికి 410 చొప్పున 60 వారాల్లో తీరిపోతుంది. మొత్తం 24,600. బంగారం కుదువ పెట్టో, మహిళా సంఘంలోనో రూపాయి వడ్డీకి దొరికితే వారానికి 360 చాలు, 60 వారాలకి మొత్తం వడ్డీ 1,600 దాటదు. 16,000కి తెగిన సామానుకైతే ఆ కిస్తీ 290కి దిగుతుంది. బిల్లు మొదటి రోజే మన పేరున ఉంటుంది. జ్వరం వచ్చి మూడు వారాలు ఆగినా మంచం కోసం ట్రాలీ రాదు.