మాట్లాడమని పిలిచి మాట్లాడించారక్కా!

అక్కా,

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో స్పీకింగ్ ఎలా జరిగిందో వివరంగా రాయమన్నావు కదా, రాస్తున్నా. ఇది ఉత్తరం కాదు, ఫిర్యాదు అనుకో. ఫీజు కట్టించుకుని, పాస్‌పోర్టు చూసి, ఫొటో తీసి, తలుపేసి, చివరికి వాళ్లు నాతో ఏం చేయించారో తెలుసా? మాట్లాడించారు. నేను వెళ్లింది అప్పజెప్పడానికి. రెండింటికీ తేడా ఉంటుందని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు, కోచింగ్‌లో సారైతే అసలు చెప్పలేదు, ఎందుకంటే ఆ తేడా తెలిస్తే ఆయన నోట్స్ ఎవరు కొంటారు.

గదిలో ఏముంటుందో ముందు చెప్తా. ఒక టేబుల్, అటువైపు ఎగ్జామినర్ మేడమ్, ఇటువైపు నేను, మధ్యలో రికార్డర్. మేడమ్ చేతిలో ఒక బుక్‌లెట్, పక్కన టైమర్. మొత్తం 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు, అంతే. అంత చిన్న టెస్టుకి మనం ఎన్ని రాత్రులు మేలుకున్నామో తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఇంకో ఘోరం ఏంటంటే ఆవిడ తల ఊపదు. "వెరీ గుడ్" అనదు. నేనెంత గొప్ప వాక్యం వదిలినా ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు, అడగాల్సింది అడగడం, వినడం, టైమ్ చూడటం. తర్వాత తెలిసింది, ఎలా చేశామో హింట్ ఇవ్వకూడదని వాళ్లకి రూల్ అట. మన చుట్టాలకి కూడా పెట్టాల్సిన రూల్ అది.

మొదటి భాగం నాలుగైదు నిమిషాలు, తేలికే. ఏం చేస్తుంటారు, చదువా ఉద్యోగమా అని అడిగింది. సారు నేర్పిన ప్రకారం ఏ ప్రశ్నకైనా ముందు "దట్స్ ఎ వెరీ ఇంట్రెస్టింగ్ క్వశ్చన్" అనాలి కదా, అన్నాను. ఉద్యోగం చేస్తున్నావా అన్న దాంట్లో అంత ఇంట్రెస్టింగ్ ఏముందో నాకూ తెలీదు, ఆవిడకీ అర్థమైనట్టు లేదు. తర్వాత ఒక ప్రశ్న సరిగ్గా వినపడక మళ్లీ చెప్పమన్నాను, మళ్లీ చెప్పింది, అక్షరం పొల్లు పోకుండా అదే ప్రశ్న అదే మాటల్లో. కొంచెం విడమర్చి చెప్తుందేమో అని చూశా. లేదు, ఈ భాగంలో ప్రశ్నలన్నీ బుక్‌లెట్‌లో ఉన్నట్టే చదవాలట, అందరికీ ఒకే కొలత ఉండాలని. నేను ఒక జవాబు మంచి ఊపులో చెప్తుంటే మధ్యలో "థాంక్యూ" అని ఆపేసింది కూడా. నా ఇంగ్లిష్ భరించలేక ఆపిందనుకుని లోపల కుంగిపోయా, కానీ అది గడియారం గొడవ, ఒక్కో భాగానికి ఇంత టైమ్ అని ఉంటుంది, దాటితే ఆపాలి, మార్కులకీ దానికీ సంబంధం లేదు.

అసలు కథ రెండో భాగం. క్యూ కార్డు.

కార్డు మీద ఏముందో బయట చెప్పకూడదు కాబట్టి టాపిక్ మార్చి చెప్తున్నా, జరిగిన అవమానం మాత్రం ఒరిజినల్. "పాడైపోయిన ఒక వస్తువును బాగు చేయించిన సందర్భం" అనుకో. కింద చిన్న చిన్న పాయింట్లు: ఏ వస్తువు, ఎలా పాడైంది, ఎవరు బాగు చేశారు, మీకెలా అనిపించింది. ఒక కాగితం, పెన్సిల్, ఒక్క నిమిషం ఇస్తారు. తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు మనమే మాట్లాడాలి, ఆవిడ మధ్యలో నోరు తెరవదు.

ఇప్పుడు సారు మాస్టర్ ఆన్సర్ గురించి నీకు తెలియాలి. అందులో ఒక నాయనమ్మ ఉంటుంది. ఆవిడ గొప్ప క్రమశిక్షణ గల మనిషి, నాకు ఇన్‌స్పిరేషన్, ఆవిడ నుంచి నేను "ప్లెథోరా" ఆఫ్ విలువలు, అంటే బోలెడన్ని విలువలు నేర్చుకున్నాను. ఏ కార్డు వచ్చినా మెల్లగా నాయనమ్మ మీదకి తిప్పేయాలి, ఇదీ సారు కనిపెట్టిన సిద్ధాంతం. మీకు నచ్చిన పుస్తకమా, నాయనమ్మ ఇచ్చింది. ప్రయాణమా, నాయనమ్మతో వెళ్లాను. బ్యాచ్‌లో ఉన్న వాళ్లందరికీ ఒకే నాయనమ్మ, ఆ లెక్కన మేమంతా అన్నదమ్ములం అక్కచెల్లెళ్లం. కాబట్టి నేను గొడుగు అనుకున్నా. నాయనమ్మ గొడుగు.

ఆ ఒక్క నిమిషంలో నేను చేసిన పని: కాగితం మీద "ఐ వుడ్ లైక్ టు టాక్ అబౌట్" అని నిండుగా, అందంగా రాశాను. అది ఎలాగూ నోటికొచ్చిన ముక్కే, రాయాల్సిన అవసరం ఏముందని నువ్వడుగుతావు, నాకు తెలుసు, కానీ చేతిరాత మాత్రం బాగా కుదిరింది. రాయాల్సింది నాలుగు ముక్కలు: గొడుగు, ఊచ విరిగింది, ఎవరు అతికారు, ఇప్పుడెక్కడుంది. ఆ మాటలు చూస్తూ మాట్లాడితే కథ దానంతటదే వచ్చేది.

మొదలుపెట్టా. మొదటి అర నిమిషం నాయనమ్మ దంచేసింది. వేగం, ధాటి, ఎక్కడా తడబాటు లేదు. ఆ తర్వాత గొడుగు రావాలి, వచ్చింది, అక్కడ బండి ఆగింది. ఎందుకంటే గొడుగు ఊచని ఇంగ్లిష్‌లో ఏమంటారో నాకు తెలీదు, సారు నోట్స్‌లో నాయనమ్మ ఉంది కానీ గొడుగు ఊచ లేదు. "దేర్ వజ్ ఎ ప్లెథోరా ఆఫ్ రెయిన్" అన్నాను. వానని ప్లెథోరాతో కొలిచిన మొదటి మనిషిని నేనే అయ్యుంటా. వినేవాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించు, అప్పటిదాకా గడగడా వచ్చిన గొంతు ఉన్నట్టుండి నత్తనడక, వాక్యాలు చిన్నవైపోయాయి, గ్రామర్ వేరే మనిషిది. బట్టీ పట్టింది ఎక్కడ అయిపోయిందో సరిగ్గా ఆ అతుకు వినపడిపోతుంది, దాన్ని పట్టుకోవడానికి ఎగ్జామినరే అక్కర్లేదు, బయట సెక్యూరిటీ ఆయన కూడా పట్టేస్తాడు.

ఈ బాధలో ఇంటికొచ్చి వాళ్ల మార్కుల పట్టిక తీసి చదివా, అందరికీ దొరికేదే అది. నాలుగు అంశాలు: ఆగకుండా పొందికగా చెప్పడం, పదసంపద, గ్రామర్, ఉచ్చారణ. నాలుగింటికీ సమానమైన వెయిటేజీ, ఒక్కోదానికి 9 దాకా మార్కు, దాన్నే బ్యాండ్ అంటారు, వాటి సగటే స్పీకింగ్ స్కోరు. అంటే రెండిట్లో 7, రెండిట్లో 6 వస్తే 6.5. మనం పూజించే "అప్పజెప్పిన వాక్యాలు" అన్న మాట అందులో ఉందా అని వెతికా, ఉందక్కా! గ్రామర్ కాలమ్‌లో ఉంది. బ్యాండ్ 3 దగ్గర. బట్టీ పట్టినట్టున్న మాటల్లో తప్ప మిగతా అంతా బోలెడు తప్పులు అని రాశారు. సారు చెప్పింది నిజమే, ఆయన నోట్స్‌కి పట్టికలో చోటుంది.

ఇంకో సంగతి చూసి నాకు మరీ కోపమొచ్చింది. మనం ఆగకూడదు, ఆగితే మార్కులు పోతాయి అని కదా చెప్పారు. తీరా చూస్తే బ్యాండ్ 9 వాళ్లు కూడా ఆగుతారట. కాకపోతే వాళ్లు ఏం చెప్పాలా అని ఆలోచించడానికి ఆగుతారు, ఏ మాట వాడాలా, ఏ గ్రామర్ పెట్టాలా అని కాదు. ఆ రెండు ఆగడాలూ వినడానికి వేరేగా ఉంటాయి. మామూలుగా నువ్వు ఎవరికైనా పాత సంగతి చెప్తూ "ఆ... అది ఎప్పుడు జరిగిందంటే" అని ఆగుతావు చూడు, అది మొదటి రకం. నేను గొడుగు ఊచ దగ్గర ఆగింది రెండో రకం. దానికి మందు కూడా చాలా చవక, ఊచ పేరు తెలీకపోతే "క్లాత్‌ని పట్టుకుని ఉండే సన్నటి ఇనుప ముక్క" అని ఇంగ్లిష్‌లో చుట్టు తిప్పి చెప్పేసి ముందుకెళ్లడమే, అలా చెప్పగలగడాన్ని కూడా పదసంపద కిందే లెక్కేస్తారు. అంటే మాట తెలియకపోయినా మార్కులు పడే ఏర్పాటు ఉంది, ఇంత ఉదారత్వం నాకు ముందే తెలిస్తే ప్లెథోరా జోలికి పోయేదాన్నే కాదు.

నా రెండు నిమిషాలు ఎలాగో అయిపోయాక ఆవిడ ఒక్క చిన్న ప్రశ్న వేసింది, ఆ గొడుగు ఇంకా వాడుతున్నారా అని. ఇంత సాదా ప్రశ్న. మాస్టర్ ఆన్సర్‌లో దీనికి జవాబు లేదు, నాయనమ్మే లేదు ఇక గొడుగెక్కడిది. "నో, ఐ లాస్ట్ ఇట్" అన్నాను. మొత్తం రెండో భాగంలో నేను సొంతంగా, తప్పు లేకుండా పుట్టించిన వాక్యం అదొక్కటే.

మూడో భాగం మళ్లీ నాలుగైదు నిమిషాలు, కార్డుకి సంబంధించిన పెద్ద ప్రశ్నలు. ఈ రోజుల్లో జనం బాగు చేయించుకోకుండా ఎందుకు పారేస్తున్నారు, కంపెనీలు బాగు చేయడానికి వీలుగా వస్తువులు తయారు చేయాలని చట్టం పెడితే ఎలా ఉంటుంది, ఇలాంటివి. ఇక్కడ ఆవిడకి కొంచెం స్వేచ్ఛ ఉంటుంది, నేను బిక్కమొహం వేస్తే ప్రశ్న మార్చి అడిగింది, చెప్పింది విని "ఎందుకలా అనుకుంటున్నారు" అంది. ఆ ఎందుకు ఉంది చూడూ, దాని ముందు ఏ నోట్సూ నిలవదు. నాకు చిరాకొచ్చేసి, రిపేరుకి అడిగే డబ్బుల్లో కొత్తదే వస్తుంటే ఎవరు బాగు చేయించుకుంటారు, అదే రిపేర్ చవగ్గా దొరికితే నేనైతే పారేయను అని గబగబా అనేశా. ఇఫ్, వుడ్, బికాజ్, దాన్... అన్నీ వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. నా అభిప్రాయం ఆవిడకి నచ్చిందో లేదో తెలీదు, దానికి మార్కుల్లేవు కూడా, ఎలా చెప్పామన్నదే చూస్తారు. అదీ అన్యాయమే, నా అభిప్రాయాలు బాగుంటాయి.

ఉచ్చారణ సంగతి మర్చిపోయా. సారు మా అందరి చేత "వారర్", "బెరర్" అనిపించారు కదా ఫారిన్ యాస వస్తుందని. నేను ఒకసారి అలా అంటే ఆవిడ "సారీ?" అంది. మామూలుగా "వాటర్" అన్నా, అర్థమైంది. పట్టికలో అడిగేది కూడా అంతే, యాస ఉండొచ్చు, వినేవాడు కష్టపడకుండా అర్థం చేసుకోవాలి. మన యాసతో వెళ్తే ఫ్రీ, అరువు యాసకి కోచింగ్ ఫీజు.

ఇక నీ టెస్టు దగ్గరకొస్తున్నా. నా నోట్స్ పంపమన్నావు, పంపను. బదులుగా బావని ఎదురుగా కూర్చోబెట్టుకో. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టు, ఇంట్లో ఏదో ఒక వస్తువు పేరు ఆయన్నే చెప్పమను, నిమిషం టైమ్ తీసుకుని నాలుగు ముక్కలు రాసుకుని రెండు నిమిషాలు మాట్లాడు. తర్వాత విని, ఆగిన ప్రతిచోటా ఆలోచన కోసం ఆగావో మాట కోసం ఆగావో గుర్తు పెట్టుకో. బావ పని రెండే: నువ్వేం చెప్పినా "ఎందుకు?" అనాలి, తల ఊపకూడదు. మొదటిది పెళ్లైనప్పటి నుంచీ చేస్తున్నదే, రెండోది మాత్రం కొంచెం గట్టిగా చెప్పు, నువ్వు మాట్లాడుతుంటే తల ఊపకుండా ఉండటం ఆయనకి అలవాటు లేదు.

నీ చెల్లి