కరెంటు పోయొస్తే పాపం ప్లగ్‌దా?

పది నిమిషాలు కరెంటు పోయి ఇప్పుడే వచ్చింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో భజన మొదలు: "గీజర్ స్మార్ట్ ప్లగ్ ఆఫ్‌లైన్ అంటోంది, ఏం చేయాలి?" వెంటనే ఓ మేధావి: "రీసెట్ చేసి మళ్లీ యాడ్ చేయండి." ఏ జబ్బుకైనా అదే మాత్ర!

ప్లగ్‌కి ఏ రోగమూ లేదండీ. నిన్నటిదాకా ఇంటి నెట్‌వర్క్‌లో రౌటర్ దానికిచ్చిన అడ్రస్ 192.168.1.37. ఇంట్లో ప్లగ్‌లకీ బల్బులకీ ఆజ్ఞలిచ్చే కంట్రోలర్ ఆ అంకెనే పట్టుకుని కూర్చుంది. చాలా రౌటర్లు ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చామన్న చిట్టాను ర్యామ్‌లోనే పెట్టుకుంటాయి, కరెంటు పోతే అదీ పోతుంది. మళ్లీ వచ్చాక ముందు లేచిన ఫోన్‌కి 37 దక్కింది, ప్లగ్‌కి 52. ఇక "గీజర్ ఆపు" అన్న మాట ఎవరి ఫోన్‌కో పోతోంది. పైగా "ఉన్నావా" అని 37కి పింగ్ కొడితే జవాబొస్తుంది. వస్తుంది మరి, ఇచ్చేది ఫోన్! అదే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్‌లో `arp -a` కొట్టి, 37 పక్కనున్న మ్యాక్ అడ్రస్, అంటే పరికరం గుర్తింపు నంబరు, ప్లగ్ స్టిక్కర్‌తో కలుస్తుందా చూడండి. కలవకపోతే దొంగ దొరికినట్టే.

స్మార్ట్ సామాన్లకి వేరే వీల్యాన్, అంటే అదే రౌటర్‌లో గోడ కట్టి వేరు చేసిన నెట్‌వర్క్, వేరే వైఫై పేరు పెట్టండి, 2.4 గిగాహెర్ట్జ్‌లో. 192.168.20.x అనుకోండి. చివరి అంకెల్లో 100 నుంచి 199 దాకా రౌటర్ ఇష్టానికి వదిలేసి, 10 నుంచి 50 దాకా మీ చేతిలో ఉంచుకోండి. ఇక ప్లగ్ మ్యాక్‌కి ఎప్పుడూ ఒకే అడ్రస్ ఇవ్వమని రౌటర్‌కే చెప్పండి. రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో అయితే `/etc/config/dhcp`లో ఇంతే:

```
config host
	option name 'geyser'
	option mac 'AA:BB:CC:11:22:33'
	option ip '192.168.20.21'
```

అడ్రస్‌ని ప్లగ్‌లోనే టైప్ చేసే అతితెలివి వద్దు. అది 100-199లో పడిందా, రౌటర్ అదే అంకెని ఇంకొకరికి ఇచ్చేసే ప్రమాదం ఉంది. అప్పుడు కాసేపు పనిచేస్తుంది, కాసేపు చేయదు. వేరే వైఫై పేరుతో ఇంకో లాభం, చుట్టాలు వచ్చి వెళ్లాక ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చినా పదిహేను బల్బులూ రోడ్డున పడవు.

ఫైర్‌వాల్‌లో ఇంటి వైపు నుంచి సామాన్ల వైపుకి దారి తెరవండి, అటునుంచి జవాబులు తప్ప ఇంకేమీ రానివ్వకండి. వేరు చేశాక యాప్‌కి సామాన్లు కనబడకపోతే కంగారొద్దు. అవి "నేనిక్కడున్నా" అని నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా అరిచే ఎండీఎన్‌ఎస్‌తో పిలుచుకుంటాయి, ఆ పిలుపు గోడ దాటదు. రౌటర్‌లో ఆ పిలుపులు చూసుకునే అవాహీ అనే ప్రోగ్రామ్‌లో `enable-reflector=yes` పెడితే దాటుతుంది. "గెస్ట్ వైఫై ఉందిగా" అంటారా? దాంట్లో ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా అడ్డు ఉంటుంది చాలాసార్లు, కంట్రోలర్ కూడా అందులోనే ఉంటే గుడ్డిదైపోతుంది.

అయినా ఇవన్నీ చేయడానికి రౌటర్ తాళం మన దగ్గర ఉండాలిగా! ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టడానికి వచ్చినాయన అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే "అది మీకెందుకు సార్" అంటాడు. డబ్బా మా ఇంట్లో, కరెంటు బిల్లు మాది, తాళం మాత్రం ఆయన జేబులో! చేసేది లేక దాని వెనక సొంత రౌటర్ తగిలిస్తాం. అప్పుడైనా సొంత రౌటర్ ల్యాన్‌ని 192.168.1.x గానే వదిలేయకండి. ఆ డబ్బాదీ అదే అంకెలైతే ఇంటికి ఇంటర్నెట్టే రాదు, మళ్లీ ఆ మహానుభావుడికే ఫోన్ చేయాలి.