ఆ నాలుగు రెట్లలో కొత్తవాళ్ల వాటా ఎంత?

మామిడికాయల కాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో ఆన్‌లైన్‌లో ఆవకాయ అమ్మేవాళ్ల ప్రకటనల బడ్జెట్ అమాంతం పెరుగుతుంది. నెలాఖరున ఏజెన్సీ పంపే రిపోర్టులో, కొత్త కస్టమర్లను వెతికే ప్రాస్పెక్టింగ్ క్యాంపెయిన్ ఎదురుగా ‘రోయాస్ 4’ అని కనిపిస్తుంది. రూపాయి పెడితే నాలుగు రూపాయల అమ్మకమన్నమాట. బడ్జెట్ రెట్టింపు చేద్దామన్న సలహా వెనకే వస్తుంది. ఆ నాలుగులో కొత్త కస్టమర్లు తెచ్చిందెంతో, పాతవాళ్లు తెచ్చిందెంతో విడదీసి చూపించేదాకా ఆ సలహాకు తలూపకూడదు. ప్రాస్పెక్టింగ్‌కు డబ్బు పెట్టేదే కొత్తవాళ్ల కోసం. దాన్ని మొత్తం అమ్మకంతో కొలిస్తే కొలత మొదట్లోనే తప్పు.

ఒక ఊహా లెక్క వేద్దాం. నెల ఖర్చు 3 లక్షలు. డ్యాష్‌బోర్డులో 1,000 ఆర్డర్లు, 12 లక్షల అమ్మకం. ఆ వెయ్యి ఆర్డర్లనూ దుకాణం సొంత ఆర్డర్ల షీట్‌తో, ఫోన్ నంబర్ల ఆధారంగా పోల్చి చూడగలిగితే 620 పాతవాళ్లవని తేలిందనుకోండి. కొత్తవాళ్ల ఆర్డర్లు 380. రుచి చూద్దామని చిన్న సీసా కొంటారు కాబట్టి వాళ్ల సగటు బిల్లు 900 రూపాయలే. అంటే కొత్త అమ్మకం 3,42,000. రోయాస్ 4 కాదు, 1.14. ఒక్కో కొత్త కస్టమర్‌కు పడిన ఖర్చు 789 రూపాయలు. కాయ, నూనె, సీసా, కొరియర్ అన్నీ పోగా బిల్లులో 45 శాతం మిగులుతుందనుకుంటే, మొదటి ఆర్డర్ మీద చేతికొచ్చేది 405. తక్కిన 384 రూపాయలూ ఆ మనిషి మళ్లీ వచ్చి కొంటేనే పూడతాయి.

ఇంతమంది పాతవాళ్లు ఈ క్యాంపెయిన్‌లోకి ఎలా దూరారు? మొదటి కారణం అట్రిబ్యూషన్, అంటే ఏ అమ్మకాన్ని ఏ ప్రకటన ఖాతాలో వేయాలో తేల్చే పద్ధతి. మెటాలో మామూలుగా ఉండే సెట్టింగ్ ప్రకారం ప్రకటన నొక్కిన ఏడు రోజుల్లో కొన్నా, నొక్కకుండా ఊరికే చూసిన ఒక్క రోజులో కొన్నా ఆ అమ్మకం ప్రకటన ఖాతాలోకే వెళుతుంది. ‘కొత్త ఆవకాయ వచ్చింది’ అని దుకాణం పంపిన వాట్సాప్ మెసేజ్ చూసి కొన్న పాత కస్టమర్, అదే రోజు ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ ప్రకటనను దాటుకుంటూ వెళ్లి ఉంటే చాలు. పైగా కొనుగోళ్లు తెమ్మని చెప్పిన సిస్టమ్ తేలిగ్గా కొనేవాళ్లనే వెతుక్కుంటుంది. మన రుచి తెలిసినవాళ్లకంటే తేలిగ్గా కొనేదెవరు?

పచ్చళ్ల వ్యాపారాన్ని ప్రత్యేకంగా దెబ్బతీసేది రెండో కారణం. ‘పాత కొనుగోలుదారులను తీసేశాం’ అని ఏజెన్సీ చెబుతుంది. చాలాసార్లు అది నిజమే. కానీ ఏ జాబితాతో తీసేశారన్నది అడగాలి. మెటాలో వెబ్‌సైట్‌లో ఎవరేం చేశారో నమోదు చేసే పిక్సెల్ కోడ్ ఆధారంగా కట్టే ఆడియన్స్ జాబితా సాధారణంగా 180 రోజుల వెనక్కే చూస్తుంది. ఆవకాయ కొనేది ఏడాదికోసారి. నిరుడు మే నెలలో కొన్నవాళ్లు నవంబరుకే ఆ జాబితాలోంచి జారిపోయి, ఈ మే నెలలో కొత్త ముఖాల్లా తిరిగొస్తారు. వ్యాపారం మొదలైన రోజు నుంచి ఉన్న ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లతో కస్టమర్ లిస్ట్ అప్‌లోడ్ చేసి, ప్రతి వారం కొత్త ఆర్డర్లు కలుపుతూ ఉంటేనే ఈ కన్నం కొంతవరకు పూడుతుంది. కొంతవరకే అనడానికి కారణం, అప్‌లోడ్ చేసిన నంబర్లన్నీ మెటా ఖాతాలతో జతపడవు. అందుకే తీసేశామన్న మాటతో ఆగకుండా, వచ్చిన ఆర్డర్లను విడదీసి చూడాల్సిందే.

దానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మొదటి రోజు నుంచి ఉన్న ఆర్డర్లన్నీ ఒక గూగుల్ షీట్‌లోకి దించండి. A వరుసలో ఆర్డర్ తేదీ, సమయం. C వరుసలో ఫోన్ నంబర్. ఒకే నంబరును ఒకసారి +91తో, ఒకసారి ముందు సున్నాతో, ఒకసారి మధ్యలో ఖాళీతో రాస్తారు కనుక D వరుసలో చివరి పది అంకెలే మిగల్చాలి. E వరుసలో అది ఆ నంబరు మొదటి ఆర్డరో కాదో తేలుతుంది:

```
D2: =RIGHT(REGEXREPLACE(TO_TEXT(C2),"\D",""),10)
E2: =IF(A2=MINIFS(A:A,D:D,D2),"new","old")
```

ఆర్డర్‌తో పాటు నమోదైన `utm_campaign`, అంటే ఏ క్యాంపెయిన్ లింకు నొక్కి వచ్చారో చెప్పే గుర్తు, చూసి ప్రాస్పెక్టింగ్ ఆర్డర్లను వడగడితే రెండు మొత్తాలూ విడిపోతాయి. డ్యాష్‌బోర్డు చెప్పే సంఖ్య కంటే ఇక్కడ దొరికేవి తక్కువే ఉంటాయి. నొక్కకుండా చూసి కొన్నారన్న ఆర్డర్లకు ఈ గుర్తు ఉండదు మరి.

తప్పులు దొర్లేది నంబర్ల దగ్గరే. క్యాష్ ఆన్ డెలివరీలో గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చిన పార్శిల్‌ను ముందే తీసేయాలి. లేకపోతే రూపాయి కూడా ఇవ్వని మనిషి పాత కస్టమర్‌గా నమోదవుతాడు. డల్లాస్‌లో ఉన్న కూతురు కూకట్‌పల్లిలోని అమ్మకు పంపిస్తే డెలివరీ నంబర్ అమ్మది, కొన్నది కూతురు. కాబట్టి డబ్బు కట్టినవాళ్ల నంబరే తీసుకోవాలి. అమీర్‌పేటలో కౌంటర్ కూడా ఉంటే అక్కడి బిల్లింగ్ నంబర్లు కలపనిదే లెక్క పూర్తి కాదు. అమెజాన్‌లో కొన్నవాళ్ల నంబర్లు మాత్రం చాలావరకు చేతికి రావు. ఆ మేరకు మన ‘కొత్త’ సంఖ్య కాస్త ఎక్కువే చూపిస్తుంది.

అసలు విడదీత ఎందుకంటే, అది బడ్జెట్ దిశనే తిప్పేస్తుంది. అదే దుకాణం రెండో క్యాంపెయిన్‌కు లక్ష ఖర్చు పెట్టి రెండు లక్షల అమ్మకం తెచ్చిందనుకోండి. రోయాస్ 2. నాలుగు పక్కన రెండును చూసి ఎవరైనా దాన్నే ఆపేస్తారు. విడదీస్తే దాని 200 ఆర్డర్లలో 180 కొత్తవాళ్లవి. ఒక్కో కొత్త కస్టమర్‌కు 556 రూపాయలే పడింది. గెలిచిందనుకున్న దాంట్లో 789. డ్యాష్‌బోర్డును నమ్మినవాళ్లు కొత్తవాళ్లను చవగ్గా తెచ్చేదాన్ని మూసేసి, పాతవాళ్లకు మళ్లీ అమ్మేదానికి డబ్బు పోస్తారు. రెండు మూడు సీజన్లు అలా గడిచాక అమ్మకం ఎందుకు పెరగడం లేదో ఎవరికీ అంతుపట్టదు.

పాతవాళ్లకూ గుర్తు చేయాలి కదా, ఎవరి డబ్బయినా డబ్బే కదా అంటారు. గుర్తు చేయాల్సిందే. దానికి వేరే క్యాంపెయిన్, వేరే బడ్జెట్ పెట్టండి. పాత కస్టమర్లలో కొందరికి ప్రకటన చూపకుండా ఆపి, వాళ్లు ఎంత కొన్నారో పోల్చి దాని విలువ తేల్చండి. ప్రాస్పెక్టింగ్ పద్దులో మాత్రం కలపకండి.

గూగుల్ ప్రకటనల్లో ఇంకో మెలిక ఉంది. కొత్త కస్టమర్‌కు అదనపు విలువ ఇచ్చే పద్ధతి ఎంచుకుంటే, మనం రాసిన ఆ అదనపు రూపాయలు కన్వర్షన్ విలువలో కలిసిపోతాయి. కొత్త కస్టమర్‌కు 500 అని రాస్తే 900 రూపాయల ఆర్డర్ 1,400గా కనిపిస్తుంది. గల్లాపెట్టెలో పడింది మాత్రం 900.

ప్రకటన అమ్మేవాడే తక్కెడ కూడా పట్టుకున్నాడు. ఖర్చులో శాతం ఫీజుగా తీసుకునే ఏజెన్సీకి ఆ తూకం చెడ్డదేమీ కాదు. బేగంబజార్‌లో టోకు వ్యాపారి ఎవరు కొత్తో, ఎవరు ఎన్నేళ్లుగా సరుకు తీసుకుంటున్నారో తన ఖాతా పుస్తకం తెరిచి చూసుకుంటాడు, సరుకు తెచ్చిన ఏజెంటును అడగడు. ఆన్‌లైన్ దుకాణానికి ఆ పుస్తకం పైన చెప్పిన షీటే. ఏజెన్సీతో ఒప్పందం తిరగరాసేటప్పుడు లక్ష్యం గడిలో రోయాస్ కొట్టేసి, ‘దుకాణం ఆర్డర్ల షీట్ ప్రకారం, డెలివరీ పూర్తయిన మొదటి ఆర్డర్‌కు పడిన ఖర్చు’ అని రాయించుకోండి. పార్శిళ్లు తిరిగి రావడానికి సమయం పడుతుంది కాబట్టి మే నెల లెక్కను జూన్ 15న చూడండి.