డిలీట్ చేసిన మెయిల్ తిరిగొస్తే హ్యాకర్ పనేనట!

"డిలీట్ చేసిన మెయిల్స్ మళ్ళీ ఇన్‌బాక్స్‌లో కనిపిస్తున్నాయా? జాగ్రత్త! 1. మీ అకౌంట్ హ్యాక్ అయినట్టే, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. 2. ఫోన్ రెండుసార్లు రీస్టార్ట్ చేయండి. 3. ఐమ్యాప్ మీ మెయిల్స్ దాచుకుంటుంది. అకౌంట్ తీసేసి పాప్‌లో పెట్టుకోండి, ఇక తిరిగి రావు. పది మందికి పంపండి."

ఈ వారంలో ఇది నాకు నాలుగోసారి రావడం. మూడుసార్లు చూసీ చూడనట్టు వదిలేశాను. నాలుగోసారి పంపింది కూకట్‌పల్లిలో టైల్స్ షాపు నడిపే మా బాబాయి. అదీ మూడో సలహా పాటించేశాక.

మొదటిది. హ్యాకర్ లోపలికి దూరి, మీరు పారేసిన కరెంటు బిల్లు మెయిల్‌ని మళ్ళీ ఇన్‌బాక్స్‌లో పెట్టి వెళ్తాడా? దొంగ ఇంట్లో పడి చెత్తబుట్టలోని కాగితాలు టేబుల్ మీద సర్దిపెట్టినట్టుంది. పాస్‌వర్డ్ మార్చుకుంటే మంచిదే. కానీ కొత్తది ఫోన్‌లో ఇవ్వడం మర్చిపోతే, అక్కడ చేసిన డిలీట్‌లు సర్వర్‌కు చేరనే చేరవు.

రెండోది. రెండేసార్లు ఎందుకో, మూడోసారి చేస్తే పాపం తగులుతుందేమో. పదండి.

మూడోదే అసలు ప్రమాదం. ఐమ్యాప్, పాప్ అనేవి సర్వర్‌లోని మెయిల్‌ను మీ యాప్‌కు చేర్చే రెండు పద్ధతులు. పాప్ మెయిల్‌ను మీ కంప్యూటర్‌లోకి దించేస్తుంది. ఐమ్యాప్‌లో మెయిల్ ఉండేది సర్వర్‌లో, ఫోన్ చూపించేది దాని నీడ. మీరు పక్కకు తోయగానే ఫోన్ ఆ వరుసను కళ్ళముందు నుంచి తీసేసి, ఆ తర్వాత సర్వర్‌కు కబురు పంపుతుంది. సెల్లార్ పార్కింగ్‌లో సిగ్నల్ లేకో, బ్యాటరీ సేవర్ యాప్‌ను ఆపేసో ఆ కబురు వెళ్ళలేదనుకోండి, తర్వాత చూసినప్పుడు సర్వర్ "ఆ మెయిల్ ఇక్కడే ఉందిగా" అంటుంది. ఫోన్ మళ్ళీ చూపిస్తుంది. ఇంకో చిక్కు కంప్యూటర్‌లో ఉంటుంది. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో `Just mark it as deleted` ఎంచుకుని ఉంటే మెయిల్‌కు గుర్తు మాత్రమే పడుతుంది, గుర్తు పడ్డవాటిని నిజంగా తుడిచేసే ఎక్స్‌పంజ్ జరిగేదాకా మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది. ఆ గుర్తును పట్టించుకోని యాప్‌లో అది మామూలుగానే కనిపిస్తుంది.

తేల్చుకోవడం కష్టమేం కాదు. అదే అకౌంట్‌ను బ్రౌజర్‌లో తెరవండి. అక్కడి ఇన్‌బాక్స్‌లో కూడా మెయిల్ ఉంటే కబురు చేరలేదన్నమాట. అక్కడ లేకుండా మీ యాప్‌లోనే ఉంటే, యాప్ పాత జాబితా చూపిస్తోంది.

ఇక పాప్ మహిమ. షాపు కంప్యూటర్‌లో బాబాయి ఐమ్యాప్ అకౌంట్ తీసేసి పాప్‌లో పెట్టాడు. పాప్‌కు ఇన్‌బాక్స్ ఒక్కటే తెలుసు కాబట్టి, విడిగా సర్దుకున్న కొటేషన్ల ఫోల్డర్ కనిపించకుండా పోయింది. `Leave messages on server` దగ్గర టిక్ ఉంది, దాని కింద ఉండే `Until I delete them` దగ్గర లేదు. అంటే కంప్యూటర్‌లో తీసేసినా సర్వర్‌లో ఉంటాయి, ఫోన్‌లో అన్నీ కనిపిస్తాయి. కంగారుపడి అకౌంట్ మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాడు. ఏ మెయిల్ ఇంతకుముందే దించుకుందో థండర్‌బర్డ్ `popstate.dat` అనే ఫైల్‌లో రాసుకుంటుంది. అకౌంట్‌తో పాటు ఆ చిట్టా పోయింది. చిట్టా లేకపోతే దానికి అన్నీ కొత్తవే. పోయినేడాది జీఎస్టీ ఇన్‌వాయిస్‌లతో సహా 1,800 మెయిల్స్, అన్నీ చదవనివిగా, వచ్చి కూర్చున్నాయి. "ఇక తిరిగి రావు" అన్నారు కదా!

ఆ మొదటి టిక్ కూడా లేకపోయి ఉంటే ఇంకా ఘోరం. కంప్యూటర్‌లోకి దిగిన మెయిల్స్ సర్వర్ నుంచి పోయేవి, ఫోన్‌లో ఇన్‌బాక్స్ ఖాళీ అయ్యేది, ఉన్న ఒకే కాపీ దుమ్ముపట్టిన షాపు హార్డ్‌డిస్క్‌లో మిగిలేది.

పాప్‌లో సర్వర్ నుంచి తీసేసే తీరు కూడా చూడండి:

```
DELE 3
+OK
QUIT
+OK
```

మొదటి `+OK` వచ్చినా మెయిల్ పోదు. సర్వర్ నోట్ చేసుకుంటుంది, అంతే. `QUIT` అందాకే తీసేస్తుంది. ఈలోపు కరెంటు పోయి రౌటర్ ఆగిపోతే ఆ నోట్‌ను కొట్టేస్తుంది, మెయిల్ బతికిపోతుంది. 1996 నాటి పాప్ ప్రమాణంలోనే ఇలా రాసి ఉంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఒకే కంప్యూటర్, ఫోన్‌లో మెయిల్ చూసే అలవాటు లేదు, సర్వర్‌లో కాపీ ఉంచే టిక్ తీసేశారు, రోజూ బ్యాకప్ చేస్తారు. అలాంటి మనిషికి పాప్ నిజంగా పనిచేస్తుంది. తీసేసింది తిరిగి రాదు. అలాంటివాళ్ళు మీ కాంటాక్ట్‌లలో ఎంతమంది ఉన్నారో మీరే చూసుకోండి.

నిన్న సాయంత్రం షాపుకెళ్ళి మళ్ళీ ఐమ్యాప్ పెట్టాను. కొటేషన్ల ఫోల్డర్ సర్వర్‌లోనే భద్రంగా ఉంది. కంప్యూటర్‌లో ఒక మెయిల్ తీసేసి, ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ పోయిందని చూపించాను. "మరి ఆ మెసేజ్ పది మందికి పంపేశాను కదరా, అది తీయడం ఎలా?" అన్నాడు బాబాయి. అందరికీ డిలీట్ చేసే గడువు దాటిపోయిందట.