గురువారం రాత్రి తొమ్మిదిలోపు ఒక్క మాట

వస్తానని మాటిచ్చి గంట ముందు రాలేనని చెప్పే తోటి కార్యకర్త ప్రతి సంఘంలోనూ ఉంటాడు. ఆయనకు మనం రాసే మెసేజ్ మామూలుగా రెండు రకాలు. ఒకటి, ‘పర్లేదన్నా, వచ్చేవారం చూద్దాం’ అని మింగేసేది. రెండోది, నాలుగు వారాలు మింగిన కోపాన్నంతా ఒకేసారి కక్కేది. మొదటి దానివల్ల ఏమీ మారదు. రెండోదాని తర్వాత మనిషే దూరమైపోతాడు. తప్పు ఎత్తిచూపకుండానే గట్టి మాట తీసుకునే దారి ఒకటుందని నా అభిప్రాయం. ఆయన్ని ఎక్కువ అడగకూడదు. తక్కువే అడిగి, ఆ తక్కువకు తేదీ, గంట కట్టాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెల్లూరు జిల్లా వింజమూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాల. పదో తరగతి పిల్లలకు ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు ప్రొజెక్టర్ మీద లెక్కల క్లాసు. చెప్పేది డాలస్‌లో ఉండే ఇంజనీరు. క్లాసు చూసుకునేది ఆ బడిలోని టీచరు. నాలుగు ఆదివారాల్లో మూడు ఆగిపోయాయి. ప్రతిసారీ మెసేజ్ ఇక్కడ ఏడు దాటాకే వచ్చింది.

రాయడానికి కూర్చునే ముందు గడియారం చూడాలి. వేసవి కాలమానంలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర అంటే అక్కడ శనివారం రాత్రి పది. వినాయక చవితి వేడుకలు, పుట్టినరోజు విందులు, సంఘం సాంస్కృతిక కార్యక్రమాలు అన్నీ శనివారం సాయంత్రమే పెట్టుకుంటారు. ఏడింటప్పుడు ఆయన ‘పదికల్లా ఇల్లు చేరతాలే’ అనే అనుకుంటాడు. ఎనిమిదీ నలభైకి ఇంకా భోజనాలే మొదలు కాలేదని తెలిసి, అప్పుడు మెసేజ్ పెడతాడు. అది ఇక్కడ ఏడూ పదికి అందుతుంది. పల్లెల నుంచి వచ్చే పిల్లలు అప్పటికే ఆటో ఎక్కి ఉంటారు. ఇందులో నిర్లక్ష్యం కన్నా మొహమాటం పాలు ఎక్కువ. రాలేనని ముందే అనలేక, కుదురుతుందేమోనని చివరిదాకా లాగుతున్నాడు. ఇది గుర్తిస్తే మెసేజ్‌లో నింద దానంతటదే తగ్గుతుంది.

టైమే మార్చేయొచ్చుగా అనిపిస్తుంది. డాలస్‌లో ఆదివారం పొద్దున తొమ్మిదికి పెడితే ఆయనకు హాయి, కానీ అప్పుడు ఇక్కడ రాత్రి ఏడున్నర. ఆడపిల్లలు చీకట్లో ఊళ్లకు ఎలా పోవాలి? కాబట్టి టైము కదలదు. కదిలేది రెండే: ఆయన ఎన్ని వారాలు చెప్తాడన్నది, రాలేనప్పుడు ఎంత ముందు చెప్తాడన్నది. మెసేజ్ ఆ రెండింటి మీదే నిలబడాలి.

క్లాసు ఆగిన పూటే రాయకండి. ఆ వేడిలో రాసిన దాంట్లో ‘ఎప్పుడూ ఇంతే’ అన్న మాట ఎక్కడో ఒకచోట దూరుతుంది. మూడు రోజులు ఆగి, బుధవారం పొద్దున ఏడింటికి పంపితే అక్కడ మంగళవారం రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. ఆఫీసు పని అయిపోయి ఉంటుంది, వారాంతపు పిలుపులు ఇంకా మొదలై ఉండవు. గ్రూపులో వద్దు, ఆయన ఒక్కడికే పంపాలి. నలుగురి ముందు అడిగితే కాదనలేక అవుననేస్తాడు, ఆ అవునుతోనే మళ్లీ మొదటికొస్తాం. వాయిస్ మెసేజ్ కూడా వద్దు, తేదీలు వెనక్కి వెళ్లి చూసుకోవడానికి రాతే నయం.

ఆ టీచరు ఇలా రాయొచ్చు:

“అన్నా, బాగున్నారా. 7వ తేదీన మీరు చెప్పిన సరూప త్రిభుజాల పాఠం తర్వాత పిలకాయలు ఆ లెక్కలు సొంతంగా చేస్తున్నారు. ఆగస్టు 31, సెప్టెంబరు 14, 21 క్లాసులు జరగలేదు. మీ మెసేజ్ అందేసరికి ఇక్కడ ఏడు దాటింది, పల్లెల పిలకాయలు బయల్దేరిపోయారు. మా లెక్కల సారుకు పాఠం చూసుకునే వ్యవధి కూడా లేకపోయింది. శనివారం రాత్రి పది మీకు కష్టమైన టైమని తెలుసు, ఇక్కడ వేరే టైము కుదరక అదే పెట్టాం. అందుకని ప్రతివారం అడగడం లేదు. అక్టోబరు 12, 26, నవంబరు 9, 23 ఈ నాలుగు ఆదివారాలు మీరు తీసుకోండి, మిగతావి మా సారు చెప్తారు. నవంబరులో మీ గడియారాలు మారతాయి కాబట్టి చివరి రెండు మీకు రాత్రి తొమ్మిదికే. వీటిలో ఏదైనా కుదరదనిపిస్తే ముందటి గురువారం మీ టైము రాత్రి తొమ్మిదిలోపు ఒక్క మాట పెట్టండి, కారణం రాయక్కర్లేదు. ఏ తేదీలు ఖాయమో ఈ ఆదివారంలోపు రాసి పంపండి. రెండే కుదిరితే రెండే రాయండి. ఇప్పట్లో వీలుకాదంటే అదీ చెప్పండి, ప్రశ్నపత్రాలు తయారుచేసే పని ఉంది, దానికి ఈ టైములతో పన్లేదు.”

ఇందులో గురువారం రాత్రి తొమ్మిది ఊరికే పెట్టింది కాదు. అది ఇక్కడ శుక్రవారం పొద్దున ఏడున్నర. సారు బడికి బయల్దేరేలోపే తెలుస్తుంది, పాఠం చూసుకోవడానికి శుక్ర, శని రెండు రోజులు దొరుకుతాయి. నవంబరు మొదటి ఆదివారం తర్వాత అది ఎనిమిదిన్నర అవుతుంది, అయినా పని చెడదు. శుక్రవారం రాత్రిదాకా గడువిస్తే చేతిలో ఒక్క రోజే మిగులుతుంది, పైగా అప్పటికి ఆయన వారాంతం మొదలైపోతుంది.

కారణం రాయక్కర్లేదన్న మాట చాలామంది తీసేస్తారు, అది ఉండాల్సిందే. కారణం వెతుక్కోవాల్సి రావడమే మనిషి చెప్పడం ఆలస్యం చేయడానికి పెద్ద కారణం. అలాగే, పిల్లలు గేటు దగ్గర ఎదురుచూశారనో, ఏడ్చారనో రాయకూడదు. అది నిజమే కావచ్చు, అయినా అది నిందే. అది చదివి సిగ్గుపడ్డ మనిషి మళ్లీ అన్ని వారాలూ వస్తానంటాడు, రెండు వారాలకు అదే కథ. జరిగింది ఎన్నిసార్లు, ఏ వేళకు తెలిసింది, దానివల్ల ఇక్కడ ఏ పని ఆగింది, అంతవరకే చాలు.

ఇక జవాబు. ‘తప్పకుండా ట్రై చేస్తా’, ‘చూద్దాం’, బొటనవేలి బొమ్మ, ఇవేవీ ఒప్పుకోలు కావు. తేదీలు ఆయన చేత్తో రాసి రావాలి. రాకపోతే సోమవారం ఒకే వాక్యం పంపండి: ‘అన్నా, 12, 26 మీ పేరున రాసుకోమంటారా, మా సారుకు ఇచ్చేయమంటారా?’ రెండు దారులూ ఆయనకు సులువుగా ఉండాలి. మనం మాత్రం ఆయన మౌనాన్ని అవునుగా లెక్కేసుకోకూడదు. నేను చూసినంతలో ఎక్కువ బెడిసికొట్టేది ఇక్కడే.

నాలుగు తేదీలు రాసిచ్చి కూడా ఒకసారి గురువారం దాటాక ఆగిపోతే దాన్ని వదిలేయండి, ఒంట్లో బాగాలేకపోవడం ఎవరికైనా ఉంటుంది. రెండోసారీ జరిగితే ఇక మెసేజ్‌తో తీరేది కాదు. ఫోన్ చేసి, మిగిలిన తేదీలు సారుకు అప్పజెప్పామని, డిసెంబరు నుంచి నెలకో ప్రశ్నపత్రం మీ దగ్గర్నుంచి కావాలని మామూలుగా చెప్పండి. ఆదివారం క్లాసుకు రాలేని మనిషి పేపరు చక్కగా చేసిపెట్టగలడు, మార్చిలో పబ్లిక్ పరీక్షలు రాసే పిల్లలకు అదీ కావాల్సిందే.