డీమెర్జర్ షేర్లు ఊరికే రావు

"డీమెర్జర్ అంటే ఫ్రీ షేర్లు. రికార్డ్ డేట్ ముందు రోజు కొనండి, మర్నాడు అమ్మేయండి, కొత్త కంపెనీ షేర్లు ఊరికే మిగులుతాయి. వాటి కొన్న ధర సున్నా కాబట్టి అమ్మితే వచ్చిందంతా లాభమే. పది కంటే తక్కువ షేర్లున్నవాళ్లకు మాత్రం ఏమీ రాదు."

డీమెర్జర్ అంటే ఒక కంపెనీ తన వ్యాపారంలో కొంత భాగాన్ని వేరే కంపెనీగా విడదీయడం. ఐటీసీ నుంచి ఐటీసీ హోటల్స్ అలా విడిపోయినప్పటి నుంచి ఈ మెసేజ్ మా బెజవాడ గ్రూపుల్లో చక్కర్లు కొడుతూనే ఉంది. కాబట్టి ఆ లెక్కే తీద్దాం.

ముందు ఫ్రీ సంగతి. 2025 జనవరి 3 శుక్రవారం ఎన్‌ఎస్‌ఈలో ఐటీసీ 481.60 దగ్గర ముగిసింది. కొత్త షేర్లు ఎవరికి రావాలో తేల్చే రికార్డ్ డేట్ జనవరి 6 సోమవారం. ఆ ఉదయం హోటళ్లు లేని ఐటీసీకి ధర తేల్చడానికి ఎక్స్ఛేంజ్ ప్రత్యేక సెషన్ పెట్టింది. తేలిన ధర 455.60. తగ్గిన 26 రూపాయలు ఎక్కడికీ పోలేదు, అది హోటళ్ల వాటా విలువ. పది ఐటీసీ షేర్లకు ఒక హోటల్స్ షేరు కాబట్టి దాని లెక్క 260 అయింది. నిన్నటి దాకా ఒకే షేరులో ఉన్న ఆస్తి ఇవాళ రెండు షేర్లలో ఉంది, అంతే. పైగా హోటల్స్‌లో దాదాపు 40 శాతం ఐటీసీయే అట్టిపెట్టుకుంది. వాటాదార్ల చేతికి నేరుగా వచ్చింది మిగతా 60 శాతమే.

ముందు రోజు కొని మర్నాడు అమ్మినవాళ్ల పరిస్థితి చూడండి. పది షేర్లకు 4,816 పెట్టారు, సోమవారం 4,556కి అమ్మారు. చేతికొచ్చిన హోటల్స్ షేరు అమ్ముకోవడానికి జనవరి 29 దాకా ఆగాలి, ట్రేడింగ్ మొదలైంది ఆ రోజే. అదీ ఎన్‌ఎస్‌ఈలో 180 దగ్గర. రెండూ కలిపితే 4,736. ఎనభై రూపాయలు పోయాయి, బ్రోకరేజీ వేరు. 260కీ 180కీ ఇంత తేడా ఏమిటంటే, మొదటిది లిస్టింగ్‌కి ముందు తీసివేతతో వచ్చిన అంకె, దాని మీద ఎవరూ కొనలేదు, అమ్మలేదు.

ఆ రెండు తేదీల మధ్య మూడు వారాలూ యాప్‌లో ఐటీసీ విలువ తగ్గినట్టే కనిపించింది. కొత్త షేరుకు ఇంకా ధర లేదు కదా. ఆ ఎర్ర అంకె చూసి టెన్షన్‌తో అమ్మేసినవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది.

అసలు నష్టం చేసేది సున్నా ధర మాట. వన్‌టౌన్ వస్త్రలతలో బట్టల కొట్టున్న మా బావగారు 2022లో 125 ఐటీసీ షేర్లు 300 చొప్పున కొన్నారు. 12 హోటల్స్ షేర్లు వచ్చాయి, లిస్టింగ్ రోజే 180కి అమ్మారు. రిటర్న్ వేసే ముందు ఫోన్ నా చేతికిచ్చి, "చూడవోయ్, రెండు వేల నూట అరవై, అంతా లాభమే" అన్నారు. నిజంగానే బ్రోకర్ రిపోర్టులో కొన్న ధర గడిలో 0 ఉంది.

చట్టం అలా చెప్పదు. పాత కొనుగోలు ఖర్చునే రెండు కంపెనీలకూ పంచాలి. పంపకం మార్కెట్ ధరను బట్టి కాదు, విడిపోయిన వ్యాపారం ఆస్తుల నికర పుస్తక విలువకూ కంపెనీ నెట్‌వర్త్‌కూ ఉన్న నిష్పత్తిని బట్టి. ఆ శాతాలు కంపెనీయే ప్రకటిస్తుంది. ఇక్కడ ఐటీసీకి 86.49, హోటల్స్‌కు 13.51. బావగారు పెట్టిన 37,500లో 13.51 శాతం అంటే 5,066.25. దాన్ని పన్నెండున్నర షేర్లకు పంచితే ఒక్కో హోటల్స్ షేరు ఖర్చు 405.30. అమ్మింది 180కి. అంటే 12 షేర్ల మీద 2,703.60 నష్టం!

షేర్లు పట్టి ఉంచిన కాలం కూడా పాత ఐటీసీ కొన్న రోజు నుంచే లెక్క, కాబట్టి ఇది దీర్ఘకాలిక నష్టం. ఆయనకు ఆ ఏడాది వేరే షేర్ల మీద లక్షా పాతిక వేల మినహాయింపు దాటి దీర్ఘకాలిక లాభం ఉంది. నష్టాన్ని అందులోంచి తీసేయొచ్చు. ఈ నష్టం వదిలేసి లేని లాభం చూపించి ఉంటే సెస్ కాకుండానే దాదాపు 608 రూపాయల పన్ను అదనంగా పడేది. అయితే ఇది శాశ్వత మినహాయింపు కాదు. ఐటీసీ ఖర్చు కూడా 300 నుంచి 259.47కి దిగింది. రేపు ఐటీసీ అమ్మినప్పుడు లాభం ఆ మేరకు ఎక్కువ తేలుతుంది. అక్కడ పాత 300 వేస్తే అదీ తప్పే.

ఇక తక్కువ షేర్లున్నవాళ్లు. బావగారికి పన్నెండు పోగా మిగిలిన అర షేరు లాంటి ముక్కలన్నీ ఒకచోట చేర్చి అమ్మి, ఎవరి వాటా డబ్బు వాళ్లకు పంచుతారు. ఏడే షేర్లున్నవాళ్లకు కూడా 0.7 షేరు డబ్బు వస్తుంది. చిన్న మొత్తం కాబట్టి చాలామంది గమనించరు. డీమ్యాట్‌కు జత చేసిన బ్యాంకు ఖాతా పాతదై మూతపడి ఉంటే మాత్రం ఆ డబ్బు ఆగిపోతుంది. ఖాతా వివరాలు సరిచేయించుకుని, కంపెనీ తరఫున షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్‌కు రాసి అడగండి.