లెక్కలో పిడులు మర్చిపోవద్దు

"ప్లాస్టిక్‌కు బదులు వాడేవి తయారుచేసి అమ్మాలనుంది, చేతిలో డబ్బు తక్కువ. గుడ్డ సంచులా, వక్క ప్లేట్లా, పేపర్ కవర్లా, దేనితో మొదలుపెట్టాలి?"

ఇంట్లో కుట్టు మిషన్ ఉంటే సంచులే. వక్క ప్లేట్లకు వేడి అచ్చుల ప్రెస్ కొనాలి, పైగా వక్క పట్టలు సీజన్‌లో కొని పొడిగా దాచాలి. కొంచెం తడి తగిలినా బూజే. పేపర్ కవర్లు తేలికే గానీ బరువుకు ఆగవు.

నేను మొదట్లో మునిగింది గుడ్డ లెక్కలో. 14 అంగుళాల వెడల్పు, 16 ఎత్తు సంచికి, కుట్టూ మడతలూ కలిపి 15×35 ముక్క కావాలి. 45 అంగుళాల పన్నాలో పక్కపక్కన మూడు వస్తాయి. ఆహా, మీటరుకు మూడు అనుకున్నాను. పిడులేవి? ఒక్కో సంచికి 4 అంగుళాల వెడల్పు పట్టీలు రెండు కావాలి. పన్నా అడ్డంగా 4 అంగుళాలు కోసి సగం చేస్తే ఆ రెండూ వస్తాయి, అంటే మూడింటికి ఇంకో 12 అంగుళాలు. మొత్తం 47, దాదాపు 1.2 మీటర్లు. ఆ తేడాలోనే నా లాభం పోయింది.

ముడి కాటన్ ఉతికితే కుంచించుకుపోతుంది, ముందే తడిపి ఆరేసి కత్తిరించండి. సంచి తెగేది ఎక్కువగా పిడి దగ్గరే. పిడి చివరను పైమడతలోకి దూర్చి, చదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు వేయండి. నీళ్లు నింపిన సీసాలు 5 కిలోలు వేసి రాత్రంతా వేలాడదీస్తే తెలిసిపోతుంది.

నాన్-ఓవెన్ గుడ్డ చవగ్గా అంటగడతారు, అదీ ప్లాస్టిక్కే. చిన్న ముక్క కాల్చి చూడండి: కాటన్ బూడిదవుతుంది, అది కరిగి గట్టి ఉండ కడుతుంది.